రాత్రి పదింటి అంకె

కాలవల్లో నీళ్ళు చాలక వంతులు పెట్టుకున్న ఏడాది అది. రెండు వేల దశకం మొదట్లో. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరై, బెంజ్ సర్కిల్ వెనక వీధిలో మా ఇంట్లో ఉంటున్నాను. ఒక ఆదివారం ఉదయం పది దాటాక మా వియ్యంకుడు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, జేబులోంచి కలర్ ల్యాబ్ వాళ్ళ పసుపు కవరు తీసి, వెంటనే ఇవ్వకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

మా అమ్మాయిని ఇచ్చిన ఊరూ మేం పుట్టిన ఊరూ కంకిపాడు అవతల ఒకే కాలవ మీద ఉన్నాయి. మా ఊరు పైన, వాళ్ళ ఊరు చివర. రెండింటికీ మధ్య నీళ్ళు ఆపి వదిలే తలుపులున్న రెగ్యులేటర్ ఒకటి ఉంది. మా ఊళ్ళో వ్యవసాయం చూసుకుంటున్నది మా అన్నయ్య. ఆ కాలవ మీది నీటి సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఇంటర్ తప్పి చదువు ఆపేసినవాడే అయినా, ఊళ్ళో ఎవరి కొలతలైనా ఆయన నోటిలెక్క మీదే నడిచేవి.

"మంచినీళ్ళు తాగండి బావగారూ," అన్నాను.

"తాగుతానండి. ముందు మీరు ఒకటి చూడాలి. చూడనన్నా ఏమీ అనుకోను."

కవరులోంచి పది పన్నెండు ఫోటోలు తీశాడు. పైన ఉన్నవన్నీ మా మనవరాలివి. ఊయల మీద, పశువుల కొట్టం ముందు, నోట్లో వేలు పెట్టుకుని.

"రీలు సగం మిగిలిపోతే స్టూడియో భాయ్ కడగనన్నాడండి. దండగ కాకుండా దీన్ని తీయించా," అని నవ్వాడు. చివరి ఫోటో మాత్రం నవ్వకుండా ఇచ్చాడు.

అది రెగ్యులేటర్ దగ్గరి రేకు బోర్డు. నల్లరంగు వేసిన నున్నటి రేకు మీద సుద్దముక్కతో రాసిన పట్టిక. ఎడమవైపు టైము, కుడివైపు క్యూసెక్కులు, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్ళు కిందికి పోతున్నాయో ఆ లెక్క. శనివారం ఉదయం ఆరు నుంచి ఆదివారం ఉదయం ఆరు దాకా వాళ్ళ ఊరి వంతు. నాలుగేసి గంటలకోసారి సంఘం కాపలామనిషి కొలబద్ద చూసి రాస్తాడు. వంతు కాగానే తడిగుడ్డతో తుడిచేస్తారు. అదొక్కటే రికార్డు. తుడిచే ముందు, ఇంకా వెలుతురు మసకగా ఉండగానే, స్టూడియో భాయ్‌ను బతిమాలి పిలుచుకొచ్చి ఈ ఫోటో తీయించాడు మా వియ్యంకుడు.

"పెద్దబావగారు లెక్క సరిపోయిందన్నారండి. రోజంతా సగటున పన్నెండు క్యూసెక్కులు రావాలని ఒప్పందం. సరిగ్గా వచ్చిందన్నారు. ఆయన అబద్ధం చెప్తారని కాదు. మా చివరి చేలల్లో నేల నెర్రె విచ్చుతోంది. నాట్లేసి పది రోజులు కాలేదు. సరిపోతే ఎందుకిలా ఉందా అని మా కుర్రాళ్ళు గొడవ."

"తక్కువైతే?"

"ఎన్ని గంటల నీళ్ళు తక్కువైతే అన్ని గంటలు రేపు పొద్దున మీ ఊరి వంతులోంచి ఇవ్వాలండి. అదీ ఒప్పందంలోదే. ఆ నీళ్ళొస్తే మా నాట్లు నిలబడతాయి. ఇయ్యాళ సాయంత్రం రెగ్యులేటర్ దగ్గర కూర్చుంటున్నాం. మీరు చెప్తే రెండు ఊళ్ళూ వింటాయి."

మా వాళ్ళ మీద ఫిర్యాదును ఇంత మర్యాదగా చెప్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుని నవ్వుకునే మనిషి, మా కాలవ నీళ్ళ కోసం నా వరండాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. లోపల్నుంచి మా ఆవిడ కాఫీ తెచ్చి, మనవరాలి ఫోటోలు చూసి మురిసిపోతూ, బోర్డు ఫోటోను పక్కకి నెట్టేసింది.

ఫోటో తీసుకుని గ్రాఫు కాగితం ముందు కూర్చున్నాను. పొద్దున ఆరింటికి ఆరు. పదింటికి పన్నెండు. మధ్యాహ్నం రెండింటికి పద్నాలుగు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ పద్నాలుగు. రాత్రి పదింటికి ఏమీ లేదు. ఫ్లాష్ వెలుగు సరిగ్గా అక్కడే పడింది. రేకు మెరిసి, అర్ధరూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ. దాని కింద రాత్రి రెండింటికి ఆరు, మళ్ళీ తెల్లారి ఆరింటికి ఎనిమిది.

ఇది నేను ఏళ్ళ తరబడి డిగ్రీ పిల్లలకు చెప్పిన పాఠమే. అడ్డంగా టైము, నిలువుగా ప్రవాహం. చుక్కలు పెట్టి కలిపితే ఒక వంకర గీత. ఆ గీత కింద ఉన్న వైశాల్యమే పోయిన నీరు. గీత అసలు రూపం మనకు తెలియదు కాబట్టి పక్కపక్క చుక్కల్ని సరళరేఖతో కలుపుతాం. ఒక్కో ముక్కా ఒక ట్రెపీజియం. రెండు అంచుల సగటును మధ్య ఉన్న గంటలతో గుణిస్తే ఆ ముక్క వైశాల్యం. పొద్దున ఆరు నుంచి పది దాకా, ఆరుకూ పన్నెండుకూ సగటు తొమ్మిది, నాలుగు గంటలకు ముప్పై ఆరు. తర్వాతి ముక్క యాభై రెండు. ఆ తర్వాతది యాభై ఆరు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండు దాకా మధ్యలో చుక్క లేదు గనక ఎనిమిది గంటలదీ ఒకటే ముక్క చేశాను. పద్నాలుగుకూ ఆరుకూ సగటు పది, ఎనిమిది గంటలకు ఎనభై. చివరిది ఇరవై ఎనిమిది. మొత్తం రెండు వందల యాభై రెండు.

ఒప్పందం ప్రకారం రావలసింది పన్నెండు ఇంటూ ఇరవై నాలుగు, రెండు వందల ఎనభై ఎనిమిది. ముప్పై ఆరు తక్కువ. అంటే పన్నెండు క్యూసెక్కుల చొప్పున మూడు గంటల నీళ్ళు. ఒక క్యూసెక్కు పన్నెండు గంటలు పారితే ఎకరం చేలో ఇంచుమించు అడుగు లోతు నిలుస్తుంది. మూడు ఎకరాల్లో అడుగేసి నీరు మా ఊరివైపు ఉండిపోయిందన్నమాట.

"తక్కువే వచ్చింది బావగారూ," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా చూపు గ్రాఫు కాగితం మీదే ఉంది.

"మీరు అక్కడ చెప్తారా అండీ?"

"చెప్తాను."

సాయంత్రం బస్సు దిగి గట్టు మీద నడిచి వెళ్ళేసరికి రెండు ఊళ్ళ వాళ్ళూ చేరారు. అన్నయ్య రెగ్యులేటర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "ఏరా, మాస్టారూ! వియ్యాలవారి తరఫున వకాల్తా పుచ్చుకున్నావంటగా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లేచి నాకు చోటిచ్చాడు.

ముందు ఆయన లెక్క ఏమిటో చెప్పమన్నాను.

"ఏముంది? ఏడు రీడింగులు. ఆరూ, పన్నెండూ, పద్నాలుగూ, పద్నాలుగూ, పన్నెండూ, ఆరూ, ఎనిమిదీ. కూడితే డెబ్బై రెండు. నాలుగు గంటలకోసారి కదా, ఇంటూ నాలుగు. రెండు వందల ఎనభై ఎనిమిది. గురి చూసి కొట్టినట్టు సరిపోయింది. నువ్వేం తెచ్చావో చూపించు."

గ్రాఫు కాగితం చూపించాను. రెండు వందల యాభై రెండు అనగానే మా ఊరివాళ్ళ వైపు గొణుగుడు మొదలైంది. అన్నయ్య కాగితం తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"మొదటి రీడింగూ చివరి రీడింగూ సగమే వేశావేంట్రా?"

ముక్కలన్నీ కలిపితే మధ్యవాటికి రెండు వైపులా భాగం ఉంటుంది, కొసల్లో ఉన్నవాటికి ఒకవైపే. అది చెప్పబోయాను.

"కూతుర్నిచ్చిన ఊరికి మా నీళ్ళు సగం కోసిచ్చావా?" అన్నాడాయన. గొంతులో వేళాకోళమే ఎక్కువ. మా ఊరివాళ్ళు మాత్రం వేళాకోళంగా వినలేదు. చిన్నప్పుడు నాతో ఈతకొట్టినవాళ్ళు కూడా నన్ను చూస్తున్న చూపు మారింది.

"అన్నయ్యా, ఆరింటి నుంచి ఆరింటికి ఎన్ని గంటలు?"

"ఇరవై నాలుగు."

"ఏడు రీడింగుల్నీ నాలుగుతో గుణిస్తే ఎన్ని గంటలయ్యాయి?"

ఆయన పెదాలు కదిలాయి. "ఇరవై ఎనిమిది," అన్నాడు నెమ్మదిగా. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "చావింట పదకొండో రోజంటే మనిషి పోయిన రోజుతో కలిపే లెక్కపెడతాం కదరా. మొదటిదీ చివరిదీ రెండూ కలుపుకునేగా మనం ఏదైనా లెక్కపెట్టేది," అన్నాడు.

"రోజులైతే అంతే. ఇవి రోజులు కావు, గుంజలు. ఏడు గుంజలు పాతితే మధ్యన సందులు ఆరే."

అవతలి ఊరి కుర్రాడొకడు వెనక నుంచి, "పై ఊళ్ళో రోజుకి ఇరవై ఎనిమిది గంటలంటరోయ్! అందుకే మనకన్నా ముందు కోతలు," అన్నాడు. గట్టంతా నవ్వు. మా వియ్యంకుడు వెనక్కి తిరిగి, "నోరు ముయ్యరా," అన్నాడు గానీ నవ్వు ఆగలేదు.

అన్నయ్య ఆ నవ్వు అయ్యేదాకా కూర్చున్నాడు. ముఖం ఎర్రబడింది. తర్వాత అందరికీ వినపడేలా, "నా లెక్క తప్పు. తమ్ముడి పద్ధతే కరెక్టు," అన్నాడు. అధ్యక్షుడై ఉండి, పై ఊరివాడై ఉండి అంత నిటారుగా ఒప్పుకున్నందుకు నేను గర్వపడాలి. నాకు మాత్రం ఆయన్ని వియ్యాలవారి ముందు పిల్లవాణ్ణి చేశానన్న బాధే తెలిసింది. అదే మాట పక్కకి పిలిచి చెప్పి ఉండవచ్చు.

అంతటితో అయిపోయి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు.

"సరే, పద్ధతి నీదే. మరి రాత్రి పదింటిది ఎక్కడా?" అన్నాడు అన్నయ్య.

ఫోటో చూపించాను. తెల్ల మచ్చ.

"అది పన్నెండు. నేనే చూశా. టార్చిలైటు పట్టుకుంది నేను. పన్నెండు వేసుకుని మళ్ళీ కట్టు."

కట్టడానికి నిమిషం పట్టదు. పద్నాలుగుకూ పన్నెండుకూ సగటు పదమూడు, యాభై రెండు. పన్నెండుకూ ఆరుకూ సగటు తొమ్మిది, ముప్పై ఆరు. ఎనభై ఉన్నచోట ఎనభై ఎనిమిది అవుతుంది. మొత్తం రెండు వందల అరవై. అప్పుడు లోటు మూడు గంటలు కాదు, రెండు గంటల ఇరవై నిమిషాలు. ఆయన అంటుండగానే నా మనసులో లెక్క అయిపోయింది.

కాపలామనిషిని అడిగాను. అతను రెండు ఊళ్ళనూ మార్చిమార్చి చూసి, "పది కావచ్చండి, పన్నెండు కావచ్చండి. నిద్రమొహం మీద రాసింది, గుర్తులేదండి," అన్నాడు. రెండు ఊళ్ళలోనూ బతకవలసినవాడు, అంతకన్నా ఏం చెప్తాడు?

అందరూ నా వైపు చూస్తున్నారు. కిందటి క్షణం దాకా నన్ను కూతురి పక్షం అన్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు అన్నయ్య మాట మీద అంకె వేస్తే అన్నదమ్ములు ఒకటయ్యారంటారు. మా వియ్యంకుడు భుజం మీది తువ్వాలు తీసి మడతపెడుతున్నాడు.

"కనపడని అంకె వెయ్యలేను అన్నయ్యా," అన్నాను.

"నేను కళ్ళతో చూశాన్రా."

"ఫోటోలో లేదు."

అన్నయ్య కాపలామనిషి వైపు తిరిగి, "రేపు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మన తూములు మూసుంచు. నీళ్ళు కిందికి పోతాయి," అన్నాడు. అంతే. ఆ రాత్రి అన్నయ్య ఇంట్లో భోంచేసి ఉండాల్సింది నేను. చివరి బస్సు దాటిపోతుందని సాకు చెప్పి వచ్చేశాను. వదిన గోంగూర పచ్చడి సీసాలో పెట్టి బస్సు దగ్గరికి పాలేరు చేత పంపింది.

మర్నాడు మూడు గంటలూ నీళ్ళు ఇచ్చారు. చివరి చేలు తడిశాయని అమ్మాయి పక్కింటికి ఫోను చేసి చెప్పింది. ఆ పూట డైరీలో వాన జాడ లేదని, ఎండ తీవ్రమని రాసుకున్నాను. గట్టు మీద జరిగినదాని గురించి, లెక్క తేలింది అని ఒక్క ముక్క రాశాను.

వారం తిరక్కుండా మా వియ్యంకుడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే పసుపు కవరు. ఈసారి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మనవరాలి ఫోటోలు ఇంకో కాపీ అడిగింది మీ అమ్మాయి. ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు ఇది కూడా ఇంకో ప్రింటు నల్లగా కొట్టమన్నానండి. తెల్ల మచ్చలో ఏమైనా తేలుతుందేమోనని."

ఫోటో అంతా మసిబారినట్టుంది. మిగిలిన అంకెలు చీకట్లో కలిసిపోయాయి. మచ్చ ఉన్నచోట మాత్రం బూడిదరంగులో ఒక నిలువు గీత, దాని పక్కన రెండు అంకె. భూతద్దం అక్కర్లేదు. పన్నెండు.

"మీరు ఇది తేకపోయినా ఎవరికీ తెలిసేది కాదు," అన్నాను.

"నాకు తెలుస్తుంది కదండీ. పెద్దబావగారు అబద్ధమాడారని మా ఊళ్ళో రోజూ అనుకుంటుంటే వినలేకపోయాను. వాళ్ళకీ చూపించే వచ్చాను."

పరాయి ఊరివాడు మా అన్నయ్య మాట నిజమేమోనని డబ్బు పెట్టి మళ్ళీ ఫోటో కొట్టించాడు. నేను ఆయన పక్కనే కూర్చుని కాదన్నాను. ఇంకా సిగ్గుపడవలసినది పాఠంలోనే ఉంది. చుక్కలు కరువైనచోట సరళరేఖ గీస్తే అది అంచనాయే తప్ప నిజం కాదని, అసలు గీత పైకి ఉబ్బి ఉంటే మన లెక్క తక్కువ చూపిస్తుందని, సందు వెడల్పయ్యేకొద్దీ తేడా పెరుగుతుందని, ఆ బొమ్మ బోర్డు మీద వేసి ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. గట్టు మీద ఆ మాట ఒక్కటీ చెప్పలేదు. ఎనిమిది గంటల సందును ఒక్క గీతతో దాటేసి, అది నా అంచనా అనైనా అనకుండా, ఫోటోలో లేదు అన్నాను. చూసిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆయన నాకు చూపు తెలిసినప్పటి నుంచీ ఎదురుగానే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కలిసి మా ఊరు వెళ్ళాం. అన్నయ్య వసారాలో మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు. ఫోటో చేతికిచ్చాను. దారంతా మనసులో పేర్చుకున్న మాటలు పక్కన పెట్టి లెక్కే చెప్పాను.

"పన్నెండే అన్నయ్యా. నువ్వు చెప్పిందే. రెండు గంటల ఇరవై నిమిషాలు ఇస్తే సరిపోయేది. నలభై నిమిషాలు ఎక్కువ ఇచ్చావు నా వల్ల."

ఆయన కళ్ళజోడు కోసం తడుముకుని, పెట్టుకుని, ఫోటో చూసి, తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"దీనికోసం ఎండన పడి వచ్చారా ఇద్దరూ?" అన్నాడు.

"వచ్చే వంతులో ఆ నలభై నిమిషాలూ మేం ఒదులుకుంటాం పెద్దబావగారూ," అన్నాడు మా వియ్యంకుడు. "మా వాళ్ళకీ చెప్పాను."

"ఒదులుకోవడం ఏంటండీ. పారిన నీళ్ళు వెనక్కొస్తాయా? ఊళ్ళో నేను చెప్పుకుంటాలెండి." అన్నయ్య లేచి కూర్చున్నాడు. నా వైపు చూడకుండా మా వియ్యంకుడితోనే అన్నాడు. "మా వాడు వాళ్ళమ్మాయికి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద గజం నేల కూడా రాయలేదు కదా. ఉద్యోగస్తుడు, వాడికెక్కడిది? ఆ నలభై నిమిషాలూ పెదనాన్న పెట్టిన పసుపు కుంకుమ అనుకోమనండి."

మా వియ్యంకుడు ఫక్కున నవ్వాడు. వదిన లోపల్నుంచి, "అదేదో పెళ్ళప్పుడే పెడితే కాలవలో పడవేసుకుని ఊరేగేవాళ్ళం," అంది. మజ్జిగ గ్లాసులు వచ్చాయి. అన్నయ్య నా గ్లాసు తనే అందించాడు. ఆయన కోపగించి ఉంటే క్షమించమని అడగడానికి నాకో దారి ఉండేది. నవ్వులోకి తీసేయడంతో ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

తర్వాతి వంతు నుంచి రేకు బోర్డు మీద మొదటి రీడింగుకూ చివరి రీడింగుకూ పక్కన అరగుర్తు పెట్టించాడట అన్నయ్య. రీడింగులు నాలుగు గంటలకు బదులు రెండు గంటలకోసారి తీయించాడు. సందులు చిన్నవైతే తమ్ముడి లెక్క నిజానికి దగ్గరగా వస్తుందని ఊళ్ళో చెప్పాడట. ఆ సంగతి నాకు అమ్మాయి ద్వారా తెలిసింది. ఇంటర్ తప్పినవాడు ఆ మాట ఎక్కడ పట్టుకున్నాడో తెలియదు గానీ, ఆ రోజు గట్టు మీద నేను చెప్పకుండా మింగేసిన మాటే అది.

మా అమ్మాయి ఇంట్లో ఆ చివరి చేనుకు అప్పుడే పేరు పడిపోయింది. పసుపుకుంకుమ చేను అంటారు. వాళ్ళకది మురిపెం. భోజనాల దగ్గర కొత్త బియ్యపు అన్నం వడ్డిస్తూ, "ఇవి పెదనాన్న చేని బియ్యం నాన్నా, ఇంకాస్త వేసుకో," అంటుంది అమ్మాయి. అన్నయ్య కూడా ఆ పంక్తిలోనే ఉంటాడు ఒక్కోసారి. "వెయ్యమ్మా, వాడికి కనపడేట్టు వెయ్యి," అంటాడు. అందరూ నవ్వుతారు. నేను విస్తరి వైపు చూస్తూ అన్నం కలుపుకుంటాను.